రాత్రి తొమ్మిదికి రేటు రాకపోతే

రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లు జీతం చేతికి రాగానే ముందు చూసేది ఈ రోజు రేటెంత పలుకుతోందని. ఒకప్పుడు ఎక్స్ఛేంజ్ దుకాణం ముందు బోర్డు చూసి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో ఏదో ఒక యాప్ తెరుస్తారు. దినార్‌కి ఇంత, దిర్హామ్‌కి ఇంత, డాలర్‌కి ఇంత అని వరసగా కనిపిస్తుంది. పది పైసలు పెరిగేదాకా ఆగుదామా, ఈ రోజే పంపేద్దామా అని ఇంట్లో ఫోన్ మీద మాట్లాడుకుని తేల్చుకుంటారు.

ఆ అంకెల్ని యాప్ నడిపేవాళ్లు రోజూ కూర్చుని టైపు చెయ్యరు. ఫలానా టైముకు ఒక ప్రోగ్రాం దానంతటదే లేచి, రేట్లు అమ్మే కంపెనీ సర్వర్‌ని అడిగి, వచ్చిన జాబితాతో పాత అంకెల్ని తీసేసి కొత్తవి పెడుతుంది. దీన్నే సాఫ్ట్‌వేర్‌వాళ్లు షెడ్యూల్డ్ రిఫ్రెష్ అంటారు. ఏడాదిలో చాలా రోజులు ఇది ఏ గొడవా లేకుండా జరిగిపోతుంది. అవతలి కంపెనీ సర్వర్ సరిగ్గా ఆ టైముకే పడుకుని ఉంటే ఏం చెయ్యాలన్నది ఇక్కడి విషయం. రెండోచోట అడిగి తెచ్చుకుంటే పోలా అంటారు ఎవరైనా. కానీ ఆ రెండోచోట దొరికేది అదే అంకె కాదు, అదే కొలత కూడా కాదు. ఆ సంగతి మరిచిపోయిన యాప్, పాత రేటు చూపించే యాప్ కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

లెక్క కళ్లకు కట్టడానికి ఒక చిన్న యాప్‌ను ఊహించుకుందాం. రోజుకొకసారి, మన టైము ప్రకారం రాత్రి 9 గంటలకు, రేట్లు మారుస్తుంది. డబ్బు కట్టి ఒక కంపెనీ దగ్గర రేట్లు తీసుకుంటోంది. ఆ కంపెనీ ఇచ్చే జాబితాలో దినార్, దిర్హామ్, రియాల్‌తో సహా వందకు పైగా కరెన్సీలు ఉన్నాయి. అది దొరక్కపోతే వాడుకోవడానికి యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రోజూ ఉచితంగా విడుదల చేసే రేట్ల ఫైలును రెండో ఆధారంగా పెట్టుకున్నారు. ఆ బ్యాంకును ఇక మీదట ఈసీబీ అందాం.

శుక్రవారం రాత్రి 9 అయింది. ప్రోగ్రాం లేచి కంపెనీ సర్వర్‌ని అడిగింది. పది సెకన్లు గడిచినా జవాబు లేదు. అంతటితో అసలు ఆధారం పడిపోయిందని తేల్చెయ్యకూడదు. నెట్‌వర్క్‌లో ఒక్క క్షణం అంతరాయం వచ్చినా ఇలాగే ఉంటుంది. అందుకని అర నిమిషం ఆగి మళ్లీ అడుగుతుంది. ఈసారి 503 అనే జవాబు వచ్చింది. సర్వర్ ఉంది గానీ ప్రస్తుతం పని చేసే స్థితిలో లేదని దాని అర్థం. ఈసారి రెండు నిమిషాలు ఆగి మూడోసారి అడుగుతుంది. ఆగే సమయాన్ని ఇలా పెంచుకుంటూ పోవడానికి కారణముంది. పడిపోయి లేవబోతున్న సర్వర్ మీద వేలాది కస్టమర్ల ప్రోగ్రాములు సెకనుకోసారి పడి అడిగితే అది మళ్లీ కూలబడుతుంది. మూడుసార్లు అడిగినా రాకపోతే, అంటే సుమారు 9 గంటల 3 నిమిషాలకు, రెండో ఆధారం వైపు వెళ్లాలని రాసుకున్నారు.

మూడోసారి జవాబు వచ్చింది. జవాబు కోడ్ 200, అంటే అంతా సవ్యమే. తీరా లోపల చూస్తే ఇలా ఉంది:

```json
{"success": false, "error": "monthly limit reached"}
```

చాలా యాప్‌లు బోల్తాపడేది ఇక్కడే. కవరు బాగానే ఉంది, లోపల ఉత్తరం లేదు. కోడ్ 200 చూసి సంబరపడే ప్రోగ్రాం, రేట్లు ఉండాల్సిన చోట ఏమీ లేకపోయేసరికి సున్నాలు రాసేస్తుంది, లేదంటే అక్కడే ఆగిపోతుంది. అందుకే సర్వర్ పలికిందా అన్న ప్రశ్న చాలదు. జాబితా వచ్చిందా, అందులో మనకు కావాల్సిన కరెన్సీలన్నీ ఉన్నాయా, ప్రతి రేటూ సున్నా కన్నా ఎక్కువేనా, దాని మీద ఉన్న తేదీ ఏమిటి అని నాలుగూ చూశాకే వచ్చినట్టు లెక్క.

ఆ జవాబులో ఇంకో సంగతి ఉంది. నెలకు ఇన్నిసార్లు అడగవచ్చని కంపెనీతో ఒప్పందం ఉంటుంది. ఆ కోటా అయిపోయింది. ఇది సర్వర్ జబ్బు కాదు కాబట్టి రాత్రంతా అడిగినా అదే జవాబు వస్తుంది. తాళంచెవి లాంటి కీ గడువు ముగిసినప్పుడు వచ్చే 401 కూడా ఇంతే. ఇలాంటి వాటికి మళ్లీ మళ్లీ అడగడం దండగ. వెంటనే రెండో ఆధారానికి వెళ్లి, మనిషికి కబురు పెట్టాలి. వెయ్యాల్సింది బిల్లో కొత్త కీనో గానీ ఇంకో ప్రయత్నం కాదు.

ఇదే జాగ్రత్త రెండో ఆధారం దగ్గరా కావాలి. ఈసీబీ ఫైలును తెచ్చుకునే ఆదేశం ఇది:

```
curl --fail --max-time 10 https://www.ecb.europa.eu/stats/eurofxref/eurofxref-daily.xml
```

ఇందులో `--fail` అన్న ఒక్క మాట తీసేస్తే, సర్వర్ 500 అని లోపం చెప్పినా `curl` తన పని బాగానే ముగిసిందంటుంది. ఆ లోపం పేజీనే రేట్ల ఫైలు అనుకుని తెచ్చి చేతిలో పెడుతుంది. రెండో ఆధారం రాసేటప్పుడు ఇలాంటివి వదిలేస్తుంటారు. ఎప్పుడో గానీ వాడం కదా అన్న ధీమా.

ఇప్పుడు ఆ ఫైలు సంగతి. ఐరోపాలోని కేంద్ర బ్యాంకులు పని రోజుల్లో, అక్కడి కాలమానం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాల ప్రాంతంలో, పరస్పరం సంప్రదించుకుని ఆ సమయానికి మార్కెట్‌లో ఒక యూరో ఎంత పలుకుతోందో ఖాయం చేస్తాయి. ఫలితాన్ని సాయంత్రం 4 గంటల ప్రాంతంలో విడుదల చేస్తారు. 2016 జులైకి ముందు ఇంకా తొందరగా విడుదలయ్యేవి. ఈ అంకెల్ని పట్టుకుని లావాదేవీలు చెయ్యకుండా ఉండాలనే కావాలని ఆలస్యం పెట్టారు. ఇవి సమాచారం కోసమేనని, కొనుగోళ్లకు, అమ్మకాలకు వాడవద్దని ఈసీబీ గట్టిగానే చెబుతుంది. మన యాప్ డబ్బు మార్చదు, రేటు చూపిస్తుందంతే కాబట్టి ఈ ఫైలును వాడుకోవచ్చు. డబ్బు మార్చే యాప్ అయితే, అసలు ఆధారం పడిపోయినప్పుడు లావాదేవీలు ఆపడమే సరైన పని. ఆ రాత్రికి ఈసీబీ రేటు పెట్టి నడిపించడం కాదు.

ఈ ఫైలునే ఎందుకు ఎంచుకున్నారు? ఇంటర్నెట్‌లో ఉచితంగా మారకపు రేట్లిచ్చే సేవలు చాలా ఉన్నాయి. కానీ వాటిలో ఎన్నో ఈసీబీ ఫైలునే తీసుకుని, కాస్త ముస్తాబు చేసి ఇస్తాయి. అలాంటి రెండు సేవల్ని ఒకటి అసలుకు, ఒకటి అత్యవసరానికి అని పెట్టుకుంటే చూడ్డానికి రెండుగా ఉంటాయి గానీ రెండింటి వెనకా ఉన్నది ఒకటే ఊట. అది ఎండిన రోజు రెండూ ఎండుతాయి. ఎండకపోయినా, అందులో తప్పుంటే రెండూ ఒకే తప్పును చెబుతాయి. రెండో ఆధారం ఎంచుకునేముందు అది ఎక్కణ్నుంచి తెచ్చుకుంటోందో, ఏ సర్వర్ల మీద నడుస్తోందో కనుక్కోవడానికి ఓ పూట ఖర్చు పెట్టినా తప్పులేదు.

ఫైలు లోపల వరసలు ఇలా ఉంటాయి. అంకెలు లెక్క సులువుగా ఉండేలా వేసుకున్నవి:

```xml
<Cube time='YYYY-MM-DD'>
  <Cube currency='USD' rate='1.0800'/>
  <Cube currency='JPY' rate='162.00'/>
  <Cube currency='GBP' rate='0.8400'/>
  <Cube currency='INR' rate='90.7200'/>
</Cube>
```

ఇక్కడ అన్నీ యూరో లెక్కలోనే ఉన్నాయి. ఒక యూరోకు 1.08 డాలర్లు, అదే యూరోకు 90 రూపాయల 72 పైసలు. మనకు కావాల్సింది డాలర్‌కు ఎన్ని రూపాయలన్నది. అందుకని రూపాయల అంకెను డాలర్ అంకెతో భాగించాలి. 90.72ను 1.08తో భాగిస్తే సరిగ్గా 84. పౌండ్‌కు 90.72ను 0.84తో భాగిస్తే 108 రూపాయలు. చిన్నపిల్లల లెక్కే. కానీ భాగించాల్సిన చోట హెచ్చవేస్తే డాలర్‌కు 97 రూపాయల 98 పైసలు వస్తుంది. ఏ తొమ్మిదివేలో, తొమ్మిది పైసలో వస్తే ఎవరికైనా తప్పని తెలుస్తుంది. 98 రూపాయలంటే నిజమేనేమో అనిపిస్తుంది. పైగా డబ్బు పంపేవాడికి అది శుభవార్త.

ఇలాంటిదే యెన్ దగ్గర ఇంకొకటుంది. రెండో ఆధారంగా ఈసీబీకి బదులు మన దేశపు రిఫరెన్సు రేట్లు పెట్టుకున్నారనుకుందాం. వీటిని పూర్వం రిజర్వు బ్యాంకు ప్రకటించేది. 2018 జులై నుంచి ఆ పని ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ చేతికి వెళ్లింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో డాలర్, యూరో, పౌండ్, యెన్‌లకు రూపాయల్లో రేట్లు వస్తాయి. ఇందులో యెన్ రేటు ఒక యెన్‌కు కాదు, 100 యెన్‌లకు. పై లెక్క ప్రకారం ఒక యెన్ 56 పైసలైతే, ఎఫ్‌బీఐఎల్ పట్టికలో 56 అని ఉంటుంది. అది తెలియని ప్రోగ్రాం ఒక యెన్‌ను 56 రూపాయలు చేసి కూర్చుంటుంది. టోక్యోలో ఉన్న మనవాడు యాప్ తెరిస్తే రాత్రికి రాత్రి వందరెట్లు ధనవంతుడు.

అందుకే ఏ ఆధారం నుంచి వచ్చినా, ముందు దాన్ని మన సొంత రూపంలోకి, అంటే ఒక యూనిట్ విదేశీ కరెన్సీకి ఇన్ని రూపాయలు అన్న రూపంలోకి మార్చి, పక్కన ఒక చోట పెట్టుకోవాలి. పరీక్షలన్నీ ఆ రూపం మీదే జరగాలి. అన్నీ నెగ్గాకే యాప్‌లో ఉన్న పాత జాబితాను మొత్తంగా ఒక్కసారే మార్చాలి. ఒక్కొక్క కరెన్సీని మార్చుకుంటూ పోతే మధ్యలో ఆగిపోయిన రోజున డాలర్ ఈ రోజుది, పౌండ్ నిన్నటిది అయి కూర్చుంటుంది. ఆ రెంటినీ కలిపి డాలర్‌కు పౌండ్లెన్ని అని ఎవరైనా లెక్క కడితే, ఏ మార్కెట్‌లోనూ ఎప్పుడూ లేని రేటు పుడుతుంది.

శుక్రవారం రాత్రికి తిరిగొద్దాం. ఫైలు వచ్చింది, డాలర్, పౌండ్, యెన్ లెక్క తేలింది. ఇక దినార్, దిర్హామ్, రియాల్. ఈసీబీ జాబితాలో 30 వరకు కరెన్సీలుంటాయి. అందులో గల్ఫ్ దేశాలవి ఒక్కటీ లేవు. మన యాప్ చూసేవాళ్లలో సగానికి కావాల్సినవి అవే.

ఇక్కడ కొంత దారి ఉంది. యూఏఈ దిర్హామ్ 1997 నుంచి డాలర్‌కు 3.6725గా కట్టేసి ఉంది. సౌదీ రియాల్ 1986 నుంచి డాలర్‌కు 3.75. ఖతార్ రియాల్ 3.64. వీటి విలువ డాలర్‌తోపాటే కదులుతుంది తప్ప సొంతంగా కదలదు. కాబట్టి డాలర్ 84 రూపాయలైతే, దాన్ని 3.6725తో భాగించి దిర్హామ్‌కు 22 రూపాయల 87 పైసలని చెప్పవచ్చు. సౌదీ రియాల్‌కు 22 రూపాయల 40 పైసలు. మార్కెట్‌లో ఈ కట్టు చుట్టూ స్వల్పంగా అటూ ఇటూ ఉంటుంది గానీ చూపించే రేటుకు అది అడ్డు కాదు.

కువైట్ దినార్‌తో ఈ దారి పనికిరాదు. కొన్నేళ్లు అదీ డాలర్‌కే కట్టి ఉండేది. 2007 మేలో కువైట్ ఆ కట్టు విప్పేసి, దినార్‌ను కొన్ని కరెన్సీల బుట్టకు కట్టింది. బుట్టలో దేనికెంత పాలు ఉందో బయటికి చెప్పదు. అందుకని డాలర్ రేటు నుంచి దినార్‌ను ఖచ్చితంగా లెక్కకట్టడం కుదరదు. నిన్నటి నిష్పత్తితో ఈ రోజు డాలర్‌ను గుణించి ఉరామరికగా ఒక అంకె వెయ్యవచ్చు. దినార్ డాలర్ మీద రోజుకు పెద్దగా కదలదు కాబట్టి అది అసలుకు దగ్గరగానే ఉంటుంది కూడా. నా మటుకు ఆ పని చెయ్యను. దిర్హామ్ లెక్క వెనక ఒక ప్రభుత్వం ప్రకటించిన కట్టు ఉంది, దినార్ అంకె వెనక మన ఊహ తప్ప ఏమీ లేదు. కువైట్ కేంద్ర బ్యాంకు డాలర్‌తో దినార్ రేటును ప్రకటిస్తూ ఉంటుంది, దాన్ని మూడో ఆధారంగా కలుపుకోవచ్చు. అది కలుపుకోనంత వరకు, దినార్ దగ్గర గురువారం రేటునే ఉంచి, పక్కన గురువారం తేదీ వెయ్యడమే మర్యాద. రెండో ఆధారంలో లేనిదాన్ని ఉన్నట్టు చూపించకూడదు.

ఇక తేదీ. రాత్రి 9 గంటలని టైము ఊరికే పెట్టుకోలేదు. ఈసీబీ విడుదల చేసే సాయంత్రం 4 గంటలు మనకు చలికాలంలో రాత్రి 8:30, వేసవిలో 7:30. ఐరోపావాళ్లు ఏడాదికి రెండుసార్లు గడియారం ముందుకూ వెనక్కూ జరుపుకుంటారు, మనం జరపం. ఎవరైనా 8 గంటలకు రిఫ్రెష్ పెట్టుకుంటే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అంతా చక్కగా నడుస్తుంది. నవంబరు వచ్చేసరికి అదే ప్రోగ్రాం, అదే టైము, నిన్నటి ఫైలు తెచ్చుకుంటుంది. సర్వర్ బాగుంది, ఫైలు బాగుంది, అంకెలు బాగున్నాయి. తేదీ ఒక్కటే పాతది. లోపల ఉన్న `time` అన్న తేదీని చదవని ప్రోగ్రాంకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

తేదీ పాతదైతే ఎప్పుడూ తప్పేనా అంటే అదీ కాదు. శనివారం, ఆదివారం తెచ్చుకున్నా ఫైలు మీద శుక్రవారం తేదీయే ఉంటుంది, ఉండాలి కూడా. గుడ్‌ఫ్రైడే, ఈస్టర్ సోమవారం, మే 1, క్రిస్మస్, ఆ మర్నాడు, జనవరి 1న కూడా కొత్త రేట్లు రావు. ఈస్టర్‌ప్పుడు గురువారం రేటే మంగళవారం సాయంత్రం దాకా చెల్లుతుంది. అటువైపు ఆగస్టు 15న మనకు సెలవు, వాళ్లకు పని రోజు. పండగ రోజుల పట్టిక పక్కన లేకుండా, ఒక రోజు పాతదైతే పారెయ్యి అని ప్రోగ్రాంకు చెబితే ప్రతి ఆదివారమూ రెండో ఆధారమూ పడిపోయిందని గోల పెడుతుంది. రెండు నెలలు అలా వృథా గోల విన్న మనిషి నిజంగా పడిపోయిన రోజున ఫోన్ తీసి చూడడు.

వచ్చిన అంకె నమ్మదగిందేనా అని చూడటానికి అందరూ పెట్టే పరీక్ష ఒకటుంది. నిన్నటి రేటుకు, ఈ రోజు రేటుకు తేడా ఫలానా శాతం దాటితే ఒప్పుకోవద్దని. రూపాయి, డాలర్ మధ్య మామూలు రోజుల్లో ఒక శాతం తేడా కూడా అరుదు. కాబట్టి 2 శాతం గీత గీస్తే ఇందాకటి 98 రూపాయల డాలర్, 56 రూపాయల యెన్ రెండూ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. మంచిదే. కానీ 2013 ఆగస్టు 28న రూపాయి ఒక్క రోజులోనే మూడున్నర శాతం పైగా పడిపోయింది. అంతకన్నా పెద్దది 2015 జనవరి 15. యూరోకు 1.20 ఫ్రాంకుల కన్నా కిందికి పోనివ్వమని మూడేళ్లకు పైగా చెబుతూ వచ్చిన స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు ఆ ఉదయం ముందు చెప్పకుండా ఆ మాట వెనక్కు తీసుకుంది. 1.20 దగ్గర ఉన్న రేటు ఆ రోజే 1.03 ప్రాంతానికి వచ్చింది. 2 శాతం గీత గీసుకున్న ప్రోగ్రాం అయితే ఆ రోజు నిజాన్ని తప్పని బయటికి నెట్టేస్తుంది, రేపూ నెట్టేస్తుంది, ఎల్లుండీ నెట్టేస్తుంది. ఎందుకంటే దాని దగ్గరున్న నిన్నటి రేటు ఎప్పటికీ 1.20గానే ఉండిపోతుంది.

రెండో ఆధారానికి ఇక్కడ ఇంకో ఉపయోగం కనిపిస్తుంది. అసలుది పడిపోయినప్పుడే కాదు, అసలుది నమ్మశక్యం కానిది చెప్పినప్పుడూ దాన్ని సాక్షిగా పిలవవచ్చు. అసలు కంపెనీ ఫ్రాంకు 15 శాతం ఎగిరిందంటే, ఈసీబీ ఫైలు కూడా అదే అంటోందా అని చూడాలి. రెండూ ఒకే మాటంటే గీత దాటినా ఒప్పుకోవాలి. ఒకటి అని, ఇంకొకటి అనకపోతే పాత రేటు, పాత తేదీ ఉంచి మనిషిని పిలవాలి. రెండూ వేర్వేరు ఊటలవి అయి ఉండాలన్న షరతు విలువ ఇలాంటప్పుడే తెలుస్తుంది.

ఒక్కోసారి ఫైలు వస్తుంది, తేదీ సరిగ్గా ఉంటుంది, ఒక కరెన్సీ మాత్రం మాయమవుతుంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో ఈసీబీ రష్యా రూబుల్ రేటు ప్రకటించడం ఆపేసింది. 2023 జనవరిలో క్రొయేషియా యూరోలో చేరడంతో కునా జాబితాలోంచి వెళ్లిపోయింది. ఒకటి అర్ధంతరంగా జరిగింది, రెండోది ముందే చెప్పి జరిగింది. ప్రోగ్రాంకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒక్క కరెన్సీ లేదని ఫైలు మొత్తాన్ని తిరస్కరిస్తే డాలర్ కూడా పోతుంది. లేనిదాన్ని చూసీచూడనట్టు వదిలేస్తే ఆ కరెన్సీ దగ్గర పాత అంకె ఏళ్ల తరబడి కొత్తదానిలా కూర్చుంటుంది. అందుకని ఏవి తప్పనిసరి, ఏవి లేకపోయినా నడుస్తుందన్నది ముందే రాసి పెట్టుకోవాలి. మన యాప్‌కు డాలర్, పౌండ్, యూరో తప్పనిసరి. మిగతావి లేకపోతే ఆ వరస మీద తేదీ వేసి ఊరుకోవచ్చు.

శుక్రవారం రాత్రి 9 గంటల 5 నిమిషాలకు కొత్త జాబితా యాప్‌లోకి వచ్చింది. గురువారం అసలు కంపెనీ ఇచ్చిన డాలర్ రేటు 83 రూపాయల 85 పైసలు అనుకుందాం. ఈ రోజు ఈసీబీ లెక్కలో 84. వెంటనే యాప్ అలవాటు ప్రకారం వేలమంది ఫోన్లకు కబురు పంపింది, డాలర్ 15 పైసలు పెరిగిందని. నిజంగా పెరిగిందా? చెప్పలేం. కంపెనీ రేటు రాత్రి 9 గంటలకు మార్కెట్‌లో ఉన్నది. ఈసీబీ రేటు మన సాయంత్రం ఆరు, ఏడు గంటల లోపు ఖాయమైనది. కొలిచిన సమయం వేరు, కొలిచిన పద్ధతి వేరు. ఈ 15 పైసల్లో మార్కెట్‌ది ఎంత, ఆధారం మారడం వల్ల వచ్చింది ఎంత అన్నది విడదీయడానికి వీల్లేదు. వెయ్యి డాలర్లు పంపేవాడికి అది 150 రూపాయల తేడా. శనివారం ఉదయం అసలు కంపెనీ లేచాక 83.90 అని చూపిస్తే, నిన్న రాత్రి తొందరపడని నాదే తప్పని అతను బాధపడతాడు. అక్కడ జరిగిందల్లా తక్కెడ మారడం.

కాబట్టి ప్రతి రేటుతో పాటు మూడు సంగతులు నిల్వ చెయ్యాలి. ఏ ఆధారం నుంచి వచ్చింది, ఆ ఆధారం దాని మీద వేసిన తేదీ ఏది, మనం తెచ్చుకున్న సమయం ఏది. పెరిగింది, తగ్గింది అన్న కబురు పంపేముందు రెండు రేట్లూ ఒకే ఆధారంవేనా అని చూడాలి. కాకపోతే కబురు ఆపాలి. నెలవారీ గ్రాఫులో కూడా ఆ చుక్కను వేరే రంగులో చూపించాలి. అసలు కంపెనీ లేచాక శుక్రవారం నాటి దాని రేటును అడిగి తెచ్చుకుని గ్రాఫులో పెట్టుకోవచ్చు, పాత తేదీల రేట్లు చాలా కంపెనీలు ఇస్తాయి. అలాగని శుక్రవారం రాత్రి జనానికి ఏం చూపించామన్న రికార్డును చెరిపెయ్యకూడదు. రేపు ఎవరైనా నాకు 84 అని చూపించారు కదా అని అడిగితే, అవును చూపించాం అని చెప్పగలగాలి.

అసలుదానికి ఎప్పుడు తిరిగి వెళ్లాలన్నది రోజుకొకసారి మార్చే యాప్‌కు పెద్ద ప్రశ్న కాదు. మర్నాడు రాత్రి 9కి మళ్లీ మొదట అసలుదాన్నే అడుగుతుంది, అంతే. నిమిషనిమిషానికి మార్చే యాప్‌కు మాత్రం ఒక్కసారి జవాబు రాగానే వెనక్కు దూకకుండా, వరసగా కొన్నిసార్లు సరైన జవాబు వచ్చాకే వెళ్లమని రాసుకోవాలి. లేకపోతే పడుతూ లేస్తూ ఉన్న సర్వర్‌తో పాటు రేటూ 84, 83.90 మధ్య ఊగుతూ ఉంటుంది.

ఇంత చేసినా మిగిలే ప్రమాదం ఒకటుంది. రెండో ఆధారం చక్కగా పనిచెయ్యడమే ఆ ప్రమాదం. కోటా అయిపోయినా, కీ గడువు ముగిసినా యాప్‌లో రేట్లు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. వారాలు గడిచాక కువైట్ నుంచి ఎవరో రాస్తారు, "అన్నా, మీ యాప్‌లో దినార్ రేటు కదలట్లేదేంటి?" అని. అప్పుడు చూస్తే నెలన్నరగా యాప్ రెండో ఆధారం మీదే బతుకుతోంది. అందుకే రెండో ఆధారం వాడిన ప్రతిసారీ నడిపేవాళ్లకు ఒక మెసేజ్ వెళ్లాలి. వరసగా మూడు రోజులు వాడితే ఫోన్ మోగాలి. ఇక నెలకొకసారి, అసలు కంపెనీ బాగున్న రోజునే, దాని చిరునామాను కావాలని తప్పుగా రాసి రెండో దారి తెరుచుకుంటోందో లేదో చూడాలి. ఫైలు చిరునామా మారినా, రూపం మారినా అలా చూసినప్పుడే తెలుస్తుంది.

డబ్బు పంపేవాళ్లకు ఒక మాట. యాప్‌లో రేటు చూసినప్పుడు దాని కింద చిన్న అక్షరాల్లో తేదీ, ఆధారం పేరు ఉన్నాయేమో చూడండి. తేదీ నిన్నటిదైతే, ఆధారం రోజూ ఉండేది కాకపోతే, పది, ఇరవై పైసల తేడాను పట్టుకుని నిర్ణయం తీసుకోకండి. అసలు ఆ రెండూ ఎక్కడా రాయని యాప్ అయితే, ఎక్స్ఛేంజ్ దుకాణానికి ఫోన్ చేసి, నా చేతికి ఎన్ని రూపాయలొస్తాయని అడిగాకే పంపండి.